కీబోర్డులో ఒకటి నొక్కితే ఇంకొకటి పడుతోందా? ఒకే అక్షరం రెండు మూడు సార్లు వస్తోందా? ఇలా చూసుకోండి

"@ నొక్కితే కోట్ గుర్తు పడుతోంది", "పాస్‌వర్డ్ కరెక్టే కానీ తీసుకోవడం లేదు", "ఒక్క n నొక్కితే మూడు n లు వస్తున్నాయి", "టీ ఒలికింది, అప్పటి నుంచి కీబోర్డు పిచ్చిగా చేస్తోంది". మాటలు మారుతున్నాయి కానీ అడుగుతున్నది దాదాపు ఒకటే. చాలామంది ఈ ప్రశ్నతో పాటు "కొత్త కీబోర్డు ఎంతవుతుంది?" అని కూడా అడుగుతున్నారు. ధర సంగతి తర్వాత చూద్దాం. కీబోర్డు చెడిపోయిందా, లేక బాగున్న కీబోర్డును విండోస్ తప్పుగా అర్థం చేసుకుంటోందా అన్నది ముందు తేల్చుకోవాలి. రెండోది అయితే మీకు పైసా ఖర్చు ఉండదు.

ఇక్కడ రాసినదంతా విండోస్ 10, విండోస్ 11 ఉన్న ల్యాప్‌టాప్‌ల గురించి. విడిగా తగిలించే యూఎస్‌బీ కీబోర్డుకు కూడా చాలావరకు పనికొస్తుంది.

ఇప్పుడే ఏదైనా ఒలికి ఉంటే మిగతాదంతా వదిలేసి ల్యాప్‌టాప్ ఆపేయండి. ఈ వ్యాసం ఫోన్‌లో తెరిచి, నేరుగా 6వ మెట్టుకు వెళ్లండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఒక యూఎస్‌బీ కీబోర్డు. లేకపోతే పక్కింటి నుంచో ఆఫీసు నుంచో ఒక పూటకు అడిగి తెచ్చుకోండి. పరీక్షకు ఇదే ముఖ్యం.
- మెత్తని బ్రష్ (పాత పెయింట్ బ్రష్ చాలు), ఇయర్ బడ్స్.
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 99 శాతం ఉన్నది. ఎలక్ట్రానిక్ విడిభాగాల షాపుల్లో "ఐపీఏ" అంటే ఇస్తారు. చేతులకు రాసుకునే శానిటైజర్ దీనికి బదులు కాదు. అందులో నీళ్లు, గ్లిజరిన్ లాంటివి ఉంటాయి, కీ కింద జిగురుగా మిగిలిపోతాయి.
- ఫొటోలు తీయడానికి ఫోన్.

## 1. ముందు లక్షణం రాసుకోండి

నోట్‌ప్యాడ్ తెరవండి. వర్డ్ వద్దు, అది తనంతట తాను దిద్దుబాట్లు చేస్తుంది. పై వరుసలోని అంకెల నుంచి మొదలుపెట్టి ప్రతి కీ ఒక్కోసారి నొక్కండి. తర్వాత షిఫ్ట్ పట్టుకుని అంకెల వరుస మళ్లీ నొక్కండి. తెరను ఫొటో తీసుకోండి.

ఈ పరీక్ష ఇంగ్లీషులోనే చేయండి. తెలుగులో చేస్తే లోపం దాక్కుంటుంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఫొనెటిక్ పద్ధతిలో `kala` అంటే "కల". కీ లోపం వల్ల a రెండుసార్లు పడితే `kaala` అయి "కాల" వస్తుంది. చూసేవాళ్లకు అక్షరం రెండుసార్లు పడినట్టు ఉండదు, దీర్ఘం తప్పుగా పెట్టినట్టు ఉంటుంది. నెలల తరబడి తమ స్పెల్లింగే తప్పనుకుని, చివరికి అది కీబోర్డు పని అని గుర్తించినవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు ఫొటో చూడండి.

అక్షరాలన్నీ సరిగా ఉండి @, ", #, \ లాంటి గుర్తులు మాత్రమే తారుమారైతే అది లేఅవుట్ సమస్య, అంటే ఏ కీకి ఏ గుర్తు అని విండోస్ అనుకునే అమరికలో తేడా. 2వ మెట్టు చూడండి. కొన్ని అక్షరాల బదులు అంకెలు పడుతుంటే, లేదా గట్టిగా నొక్కి పట్టుకుంటే తప్ప ఏ అక్షరమూ పడకపోతే 3వ మెట్టు. ఒకటి రెండు కీలు మాత్రమే మొండికేస్తే, లేదా ఒక కీ నొక్కితే రెండు మూడు వేర్వేరు అక్షరాలు వస్తే అది దాదాపుగా హార్డ్‌వేర్ లోపమే. అయినా 4వ మెట్టులో నిర్ధారించుకోకుండా ఏదీ విప్పవద్దు.

## 2. లేఅవుట్, భాష సరిచూసుకోండి

విండోస్ కీ పట్టుకుని స్పేస్ బార్ ఒకసారి నొక్కండి. మీ కంప్యూటర్‌లో ఉన్న భాషలు, లేఅవుట్ల చిట్టా కనిపిస్తుంది. టాస్క్‌బార్ కుడి చివర ENG, తెలు లాంటి గుర్తు ఉన్నచోట నొక్కినా అదే వస్తుంది.

మనవాళ్ల కంప్యూటర్లలో తెలుగు ఉంటుంది కాబట్టి ఒక గందరగోళం తరచుగా కనిపిస్తుంది. తెలుగు భాష చేర్చినప్పుడు దాని కింద ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ ఉండవచ్చు, ఫొనెటిక్ ఉండవచ్చు, రెండూ ఉండవచ్చు. ఫొనెటిక్ కీబోర్డు విండోస్ 10 లో 2019 మే అప్‌డేట్‌తో వచ్చింది. ఫొనెటిక్‌లో h నొక్కితే "హ" వస్తుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో అదే h కీ "ప", i కీ "గ". అంటే ఎవరికో మర్యాదగా `hi` అని పంపబోతే "పగ" అని పడుతుంది. ఇలా జరిగితే కీబోర్డుకు ఏమీ కాలేదు, మీరు ఇన్‌స్క్రిప్ట్‌లో ఉన్నారంతే. పైన చెప్పిన చిట్టాలో ఫొనెటిక్‌కో ఇంగ్లీషుకో మారండి.

మీరు మార్చకుండా భాష ఎలా మారింది? ఎడమ ఆల్ట్, షిఫ్ట్ కలిసి నొక్కితే భాష మారుతుంది. చాలా కంప్యూటర్లలో కంట్రోల్, షిఫ్ట్ కలిసి నొక్కితే ఒకే భాషలోని లేఅవుట్ మారుతుంది. టైప్ చేస్తుంటే వేళ్లు పొరపాటున వీటి మీద పడటం మామూలే. ఆ షార్ట్‌కట్‌లను ఆపేయవచ్చు. విండోస్ 11 లో ఈ దారి:

```
Settings > Time & language > Typing
  > Advanced keyboard settings
  > Input language hot keys
```

వచ్చిన చిన్న కిటికీలో `Between input languages` ఎంచుకుని `Change Key Sequence` నొక్కి, రెండు వైపులా `Not Assigned` పెట్టండి. విండోస్ 10 లో అయితే `Settings > Devices > Typing` లోపల `Advanced keyboard settings` ఉంటుంది. ఆ తర్వాత భాష మార్చడానికి విండోస్ కీ, స్పేస్ బార్ మాత్రమే వాడుకోండి. అది పొరపాటున పడదు.

అదే పేజీలో ఒక్కో యాప్ కిటికీకి ఒక్కో భాష గుర్తుపెట్టుకునే టిక్కు ఒకటి ఉంటుంది: `Let me use a different input method for each app window`. బ్రౌజర్‌లో ఇంగ్లీషు పడి, వాట్సాప్‌లో తెలుగు పడుతుంటే ఇది ఆన్‌లో ఉందేమో చూడండి. తెలుగు, ఇంగ్లీషు రెండూ రాసేవాళ్లకు ఇది నిజంగా సౌకర్యమే. తెలియకుండా ఆన్‌లో ఉంటేనే ఇబ్బంది.

ఒక కేసు: లండన్‌లో కొన్న ల్యాప్‌టాప్

మా మేనకోడలు చదువు కోసం ఇంగ్లండ్ వెళ్లి అక్కడ ల్యాప్‌టాప్ కొనుక్కుంది. విజయవాడ తిరిగొచ్చాక రూపాయి గుర్తు కావాలని ఇంగ్లీషు (ఇండియా) భాష చేర్చింది. అప్పటి నుంచి బ్యాంకు సైట్ పాస్‌వర్డ్ తీసుకోవడం మానేసింది. వరసగా తప్పు పాస్‌వర్డ్ పడి ఖాతా లాక్ కూడా అయింది.

బ్రిటన్‌లో అమ్మే కీబోర్డుల మీద అచ్చు వేరు. మన దగ్గర షిఫ్ట్‌తో 2 కొడితే @ కదా, అక్కడ 2 మీద " ఉంటుంది. @ ఏమో ఎంటర్ కీకి ఎడమవైపున, మనకు కోట్ గుర్తు ఉండే కీ మీద ఉంటుంది. షిఫ్ట్‌తో 3 కొడితే మనకు #, వాళ్లకు పౌండ్ గుర్తు £. ఇంగ్లీషు (ఇండియా) లేఅవుట్ అమెరికా పద్ధతిలో నడుస్తుంది. ఆమె కీ మీద అచ్చైన @ చూసి నొక్కుతోంది, విండోస్ " అని రాస్తోంది. పాస్‌వర్డ్ పెట్టెలో చుక్కలే కనిపిస్తాయి కాబట్టి తేడా తెలియలేదు.

కనిపెట్టిన పద్ధతి ఇది. నోట్‌ప్యాడ్‌లో షిఫ్ట్ పట్టుకుని అంకెల వరుస కొట్టి, వచ్చినదాన్ని కీల మీది అచ్చుతో పోల్చాం. 2 దగ్గర, 3 దగ్గర తేడా వచ్చింది. అక్షరాల్లో ఒక్క తేడా కూడా లేదు. ఆ రెండు చోట్ల తేడా చూడగానే బ్రిటన్ లేఅవుట్ అని చెప్పేయవచ్చు.

సరిచేసిన పద్ధతి:

```
Settings > Time & language > Language & region
  > English (India) పక్కన మూడు చుక్కలు
  > Language options > Add a keyboard
  > United Kingdom
```

చేర్చాక, అదే పేజీలో పాత లేఅవుట్ పక్కన మూడు చుక్కలు నొక్కి `Remove` చేయాలి. అయితే ఇక్కడ ఒక చిక్కుంది. ఇంగ్లీషు (ఇండియా) లేఅవుట్‌లో కుడి ఆల్ట్ పట్టుకుని 4 నొక్కితే ₹ వస్తుంది. బ్రిటన్ లేఅవుట్‌లో అదే నొక్కితే యూరో గుర్తు వస్తుంది. రూపాయి గుర్తు రోజూ కావాలంటే రెండు లేఅవుట్లూ ఉంచుకుని మార్చుకోవాలి. ఎప్పుడో ఒకసారే అయితే విండోస్ కీ, చుక్క కీ కలిపి నొక్కితే తెరుచుకునే ఎమోజీ పెట్టెలో, గుర్తుల విభాగం నుంచి ₹ తీసుకోవచ్చు. ఆమె రెండోది ఎంచుకుంది.

అమెరికా నుంచి తెచ్చిన ల్యాప్‌టాప్‌లకు ఈ తలనొప్పి ఉండదు. మన దగ్గర అమ్మేవాటి మీదా అదే అచ్చు ఉంటుంది. జర్మనీ నుంచి తెచ్చినవాటిలో అయితే y, z కూడా తారుమారై ఉంటాయి.

లాగిన్ తెర దగ్గరే ఆగిపోతే: తెర కుడి కింది మూలలో భాష గుర్తు ఉంటుంది, అది నొక్కి మార్చండి. పాస్‌వర్డ్ పెట్టెలో కన్ను బొమ్మ నొక్కితే మీరు కొట్టింది కనిపిస్తుంది, పక్కన ఎవరూ లేనప్పుడు చూసుకోండి. లోపలికి వెళ్లాక సెట్టింగులన్నీ సరిచేసినా మళ్లీ లాగిన్ తెర దగ్గర పాత లేఅవుటే వస్తుంటే, `Language & region` పేజీలో కింద ఉన్న `Administrative language settings` తెరిచి, `Copy settings` నొక్కి, `Welcome screen and system accounts` కు టిక్కు పెట్టండి. చాలామంది ఈ ఒక్కటి మరిచిపోతారు.

తీసేసిన లేఅవుట్ మళ్లీ చిట్టాలో కనిపిస్తుంటే: ఆ భాషను సెట్టింగుల్లో మళ్లీ చేర్చి, వెంటనే తీసేయండి. కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి. వింతగా ఉంటుంది కానీ పనిచేస్తుంది.

డీటీపీ పని చేసేవాళ్లకు ఒక మాట. అను స్క్రిప్ట్ మేనేజర్ లాంటి పాత పద్ధతి ప్రోగ్రాములు నడుస్తున్నప్పుడు బ్రౌజర్‌లో టైప్ చేస్తే అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు పడతాయి. అవి యూనికోడ్ కావు, ఆ ఫాంట్ ఉన్నచోటే తెలుగుగా కనిపిస్తాయి. టాస్క్‌బార్‌లోంచి ఆ ప్రోగ్రామ్ మూసేసి మళ్లీ పరీక్షించండి.

## 3. తెలియకుండా ఆన్ అయ్యే మూడు మీటలు

నమ్ లాక్. విడిగా అంకెల గడి లేని చిన్న ల్యాప్‌టాప్‌లలో కొన్నింటికి j, k, l, u, i, o, m కీల మీద మూలన చిన్నగా అంకెలు ముద్రించి ఉంటాయి. నమ్ లాక్ ఆన్ అయితే అవి అంకెలుగా పనిచేస్తాయి. `kamala` అని కొడితే `2a0a3a` వస్తుంది. Fn పట్టుకుని NumLk కీ నొక్కండి. బయటి కీబోర్డు తగిలించి దాని నమ్ లాక్ ఆన్ చేసినప్పుడు కూడా ల్యాప్‌టాప్ కీలు ఇలా మారవచ్చు.

ఫిల్టర్ కీస్. కుడి షిఫ్ట్ 8 సెకన్లు పట్టుకుని ఉంచితే ఇది ఆన్ చేయాలా అని విండోస్ అడుగుతుంది. చదవకుండా అవును అంటే, మామూలు వేగంతో నొక్కిన అక్షరాలు పడవు, ప్రతి కీ కాసేపు పట్టుకోవాలి. "కీబోర్డు నెమ్మదించింది" అని వచ్చే ప్రశ్నల్లో చాలా వాటికి ఇదే కారణం.

స్టికీ కీస్. షిఫ్ట్ వరసగా 5 సార్లు నొక్కితే ఇది అడుగుతుంది. ఆన్ అయితే షిఫ్ట్, కంట్రోల్ ఒకసారి నొక్కి వదిలినా నొక్కి ఉంచినట్టే లెక్క. తర్వాతి అక్షరం పెద్దది పడటం, లేదా ఏదో ఆదేశం అమలైపోవడం జరుగుతుంది.

రెండూ విండోస్ 11 లో `Settings > Accessibility > Keyboard` లో, విండోస్ 10 లో `Settings > Ease of Access > Keyboard` లో ఆపేయవచ్చు.

అన్ని అక్షరాలూ, ఏదో ఒకటి కాదు, అన్నీ రెండేసి పడుతుంటే విండోస్ కీ, R కలిపి నొక్కి ఇది కొట్టండి:

```
control keyboard
```

`Repeat delay` ను `Long` వైపు జరపండి. కీ మీద వేలు కొంచెం ఎక్కువసేపు ఉండేవాళ్లకు, ముఖ్యంగా వయసు పైబడినవాళ్లకు, దీనితోనే సరిపోతుంది. ఒక్క అక్షరమే రెండేసి పడుతుంటే మాత్రం ఇక్కడ ఏమీ మారదు, ముందుకు వెళ్లండి.

## 4. సెట్టింగా, కీబోర్డా: తేల్చే పరీక్ష

విండోస్ కీ, కంట్రోల్, O కలిపి నొక్కండి. తెర మీద కీబోర్డు వస్తుంది. కీబోర్డు అసలు మాట వినకపోతే స్టార్ట్ మెనూలో మౌస్‌తో `On-Screen Keyboard` వెతికి తెరవండి.

ముందు చేతులు కీబోర్డు మీంచి తీసేసి తెరను చూడండి. మీరేమీ నొక్కకుండానే ఏదైనా కీ వెలుగుతూ ఉంటే, లేదా మినుకుమినుకుమంటుంటే, ఆ కీ కింద ఇరుక్కుపోయిందన్నమాట. షిఫ్ట్, కంట్రోల్, ఆల్ట్ లను ప్రత్యేకంగా గమనించండి.

తర్వాత నోట్‌ప్యాడ్ తెరిచి, తెర మీద కీబోర్డులో మౌస్‌తో అక్షరాలు నొక్కండి. ఇక్కడ కూడా తప్పు గుర్తులే వస్తే లోపం సెట్టింగులో ఉంది, 2వ మెట్టుకు తిరిగి వెళ్లండి. 2, 3 మెట్లు చూసుకున్నాక కూడా, ఇక్కడ సరిగా వచ్చి అసలు కీబోర్డు మీద మాత్రమే తప్పుగా వస్తే లోపం కీబోర్డులో ఉంది. తెర మీద కీబోర్డు విండోస్‌లో ఉన్న లేఅవుట్ ప్రకారమే గుర్తులు చూపిస్తుంది కాబట్టి, కీల మీది అచ్చుతో వచ్చే తేడా ఈ పరీక్షలో బయటపడదు.

ఇప్పుడు యూఎస్‌బీ కీబోర్డు తగిలించి అదే పరీక్ష చేయండి. ఇక్కడ చాలామంది పొరబడతారు. బయటి కీబోర్డు కూడా తిక్కగా చేస్తే "అయితే విండోసే పాడైంది" అనుకుని ఫార్మాట్ చేయించేస్తారు. ల్యాప్‌టాప్‌లో కంట్రోల్ కీ ఇరుక్కుని ఉంటే, బయటి కీబోర్డులో మీరు నొక్కిన ప్రతి అక్షరమూ కంట్రోల్‌తో కలిసినట్టే లెక్క. విండోస్ రెండు కీబోర్డులనూ ఒకటిగానే చూస్తుంది. p నొక్కితే ప్రింట్ కిటికీ తెరుచుకోవడం, s నొక్కితే సేవ్ కిటికీ రావడం దీని గుర్తు. తెర మీద కీబోర్డులో కంట్రోల్ వెలుగుతోందేమో చూశాకే నిర్ణయానికి రండి.

వైర్‌లెస్ కీబోర్డులో అక్షరాలు ఎగిరిపోవడం, రెండేసి రావడం జరుగుతుంటే ముందు బ్యాటరీ మార్చండి. తర్వాత రిసీవర్‌ను పెన్‌డ్రైవ్, హార్డ్ డిస్క్ తగిలించిన యూఎస్‌బీ 3 పోర్టుల పక్కనుంచి తీసి దూరంగా పెట్టండి. వాటి నుంచి వచ్చే రేడియో చప్పుడు రిసీవర్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకు అడ్డం వస్తుంది.

విప్పే ముందు ఒక హెచ్చరిక. ల్యాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టి పక్క నుంచి చూడండి. కీబోర్డు మధ్యలో ఉబ్బినట్టు, టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు, మూత సరిగా మూసుకోనట్టు ఉంటే లోపల బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు. అది కింద నుంచి కీలను నొక్కుతుంది. అప్పుడు శుభ్రం చేయడం, నొక్కి చూడటం ఏదీ వద్దు. చార్జింగ్ ఆపి, ఆఫ్ చేసి, సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి. ఉబ్బిన బ్యాటరీకి చిల్లు పడితే మంట రావచ్చు.

## 5. ఇరుక్కున్న కీని శుభ్రం చేయడం

ల్యాప్‌టాప్ ఆపేసి చార్జర్ తీసేయండి. ఏటవాలుగా పట్టుకుని, బ్రష్‌తో కీల మధ్య దుమ్ము కిందికి దులపండి. గాలి డబ్బా ఉంటే దాన్ని నిలువుగా పట్టుకుని చిన్న చిన్న దెబ్బలుగా కొట్టండి. నోటితో ఊదవద్దు, తడి వెళుతుంది.

కీ నొక్కినప్పుడు కిందే ఉండిపోయి నెమ్మదిగా లేస్తుంటే జిగురు ఉన్నట్టు. ఇయర్ బడ్‌ను ఐపీఏలో ముంచి, కారకుండా పిండి, కీ చుట్టూ అంచుల్లో తిప్పండి. ఆ కీని ఇరవై ముప్ఫై సార్లు నొక్కండి. మళ్లీ తడిపి మళ్లీ నొక్కండి. అరగంట ఆరనిచ్చి ఆన్ చేయండి. ఐపీఏ మండే పదార్థం కాబట్టి పొయ్యి దగ్గర, దీపం దగ్గర ఈ పని పెట్టుకోవద్దు, కిటికీ తీసి ఉంచండి.

కీ పీకాలా? వీలైనంతవరకు వద్దనే చెబుతాను. ల్యాప్‌టాప్ కీ కింద రెండు సన్నని ప్లాస్టిక్ ముక్కలు కత్తెరలా ఒకదానిలో ఒకటి దూరి ఉంటాయి. వాటి కొక్కేలు గోటి అంచుకన్నా చిన్నవి. ఏ వైపు నుంచి లేపాలన్నది మోడల్‌ను బట్టి మారుతుంది, తప్పు వైపు నుంచి లేపితే కొక్కెం విరుగుతుంది, ఆ కీ ఇక నిలవదు. తప్పనిసరైతే మీ మోడల్‌కు సంబంధించిన వీడియో చూశాకే చేయండి. స్పేస్ బార్, ఎంటర్, షిఫ్ట్ లను మాత్రం ముట్టుకోవద్దు. వాటి కింద లోహపు తీగ కూడా ఉంటుంది, తిరిగి పెట్టడం కష్టం. కీ కింద కనిపించే మెత్తని రబ్బరు బొడిపెను లాగవద్దు.

ఫలితం చూసే పద్ధతి: నోట్‌ప్యాడ్‌లో ఆ అక్షరాన్ని ఒక్కోసారి విడివిడిగా 50 సార్లు నొక్కండి. ఆ వరుసను సెలెక్ట్ చేసి వర్డ్‌లో పెడితే అక్షరాల లెక్క చూపిస్తుంది. 50 కన్నా ఎక్కువ ఉంటే ఇంకా రెండేసి పడుతోంది, తక్కువ ఉంటే కొన్ని ఎగిరిపోతున్నాయి. మర్నాడు మళ్లీ ఒకసారి చేయండి. ఐపీఏ తడి మీద ఉన్నప్పుడు బాగా పనిచేసి, ఆరాక మళ్లీ మొదటికి రావడం మామూలే.

## 6. ఏదైనా ఒలికితే

ఫైలు సేవ్ చేయాలని చూడవద్దు. గోడ దగ్గర స్విచ్ ఆపి చార్జర్ తీసేయండి. పవర్ బటన్ 10 సెకన్ల పైన నొక్కి పట్టుకుని పూర్తిగా ఆపండి. మౌస్, పెన్‌డ్రైవ్ అన్నీ తీయండి. బ్యాటరీ బయటికి వచ్చే పాత మోడల్ అయితే అదీ తీయండి. తడి కన్నా, తడిలో ఉన్న కరెంటే ఎక్కువ చెడగొడుతుంది. లోహపు గీతలు తినేసేది అదే.

పైన ఉన్న తడిని గుడ్డతో అద్దండి, రుద్దవద్దు. మూత వీలైనంత తెరిచి, ల్యాప్‌టాప్‌ను బోర్లించి, గుడారంలా బల్ల మీద నిలబెట్టండి. కీబోర్డు కిందికి చూడాలి, కింద తువ్వాలు పరవాలి. అటూ ఇటూ ఊపవద్దు. కీబోర్డులో ఆగిన నీళ్లు ఊపితే మదర్‌బోర్డు మీదికి పోతాయి.

మనవాళ్లు చేసే మూడు పనులు వద్దు. బియ్యం డబ్బాలో పెట్టడం వల్ల లాభం లేదు, పైగా పిండి, నూకలు పోర్టుల్లోకి పోతాయి. హెయిర్ డ్రయర్ వేడికి కీలు వంగుతాయి, గాలి తోసిన నీళ్లు ఇంకా లోపలికి పోతాయి. మన ఎండాకాలం ఎండలో పెడితే బ్యాటరీకి ప్రమాదం. ఫ్యాన్ కింద నీడలో 48 గంటలు ఉంచండి. మధ్యలో "ఒక్కసారి చూద్దాం" అని ఆన్ చేయడంతోనే ఎక్కువ ల్యాప్‌టాప్‌లు పోతాయి.

మంచినీళ్లు కొంచెమే ఒలికితే ఇది సరిపోవచ్చు. టీ, కాఫీ, కూల్‌డ్రింక్, కొబ్బరినీళ్లు అయితే ఆరబెట్టడం సరిపోదు. నీళ్లు పోతాయి, చక్కెర, పాలు, ఉప్పు మిగిలిపోతాయి. అలాంటప్పుడు అదే రోజు సర్వీస్ చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి, వెనక మూత తీసి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, బోర్డు శుభ్రం చేయమనండి. ఏం ఒలికిందో, పంచదార ఉందో లేదో దాచకుండా చెప్పండి. వారంటీ పోతుందని దాచినా లాభం లేదు. లోపల తడి తగిలితే రంగు మారే స్టిక్కర్లు చాలా మోడళ్లలో ఉంటాయి, మామూలు వారంటీ ఒలికినవాటికి ఎలాగూ వర్తించదు. ప్రమాదాలకు విడిగా బీమా తీసుకుని ఉంటే ఆ కాగితాలు వెతకండి.

ఒలికిన రెండు మూడు వారాలకు లక్షణాలు మొదలైతే ఆశ్చర్యపోవద్దు. కీల కింద సన్నని ప్లాస్టిక్ రేకుల మీద అడ్డం, నిలువు గీతలు ఉంటాయి. ఏ అడ్డగీత ఏ నిలువుగీతను తాకిందో చూసి కంప్యూటర్ అక్షరాన్ని గుర్తిస్తుంది. రెండు గీతల మధ్య చక్కెర పాకం చేరితే ఒక కీకి రెండు మూడు అక్షరాలు వస్తాయి. ఒక గీత తెగితే, ఒకచోట కాకుండా కీబోర్డంతా చెదురుగా ఉన్న కొన్ని కీలు ఒకేసారి పనిచేయడం మానేస్తాయి. చక్కెర గాలిలో తడిని పీల్చుకుంటుంది కాబట్టి ముసురు పట్టిన రోజున ఎక్కువై, ల్యాప్‌టాప్ కాసేపు నడిచి వేడెక్కాక తగ్గడం కూడా దీని గుర్తే. ఈ దశలో పైపైన ఐపీఏ రాసినా ఫలితం ఉండదు, కీబోర్డు మార్చాల్సిందే.

విడి యూఎస్‌బీ కీబోర్డు మీద ఒలికితే మాత్రం ఆశ ఉంది. వైరు తీసి, వెనక స్క్రూలు విప్పితే లోపల మూడు ప్లాస్టిక్ రేకులు ఉంటాయి. అవి ఎలా అమరి ఉన్నాయో ఫొటో తీసుకుని, ఐపీఏతో మెల్లగా తుడిచి, పూర్తిగా ఆరాక అదే వరుసలో పెట్టండి. గీతలను గట్టిగా రుద్దితే చెరిగిపోతాయి.

## 7. మార్చేదాకా నెట్టుకురావడం, మార్పించడం

ఒక కీ తనంతట తాను పడుతూ పని చేయనివ్వకపోతే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్ వేసుకోండి. అందులో `Keyboard Manager` తెరిచి, ఆ కీని `Disable` కు మళ్లించండి. ఆ అక్షరం కోసం బయటి కీబోర్డు వాడదామనుకుంటే కుదరదు, అక్కడా ఆ కీ ఆగిపోతుంది. కాబట్టి F కీలు, ఇన్సర్ట్ లాంటి పెద్దగా అవసరంలేని వాటికే ఇది పనికొస్తుంది. లాగిన్ తెర దగ్గర పవర్‌టాయ్స్ పనిచేయదన్నది కూడా గుర్తుంచుకోండి.

అక్షరం రెండేసి పడుతుంటే, కంట్రోల్ ప్యానెల్‌లో ఫిల్టర్ కీస్ అమర్పుల్లో `Bounce Keys` ఉంటుంది. వెంటవెంటనే వచ్చిన రెండో దెబ్బను అది వదిలేస్తుంది. కానీ వేగంగా `amma` అని కొట్టినా రెండో m పోయి `ama` అవుతుంది. ఒత్తులు ఇన్ని ఉన్న మన భాషకు దీనితో ఎక్కువ రోజులు నడవదు.

షాపుకు వెళితే ముందు అడగాల్సింది ఇది: ఈ మోడల్‌లో కీబోర్డు ఒక్కటే మారుతుందా, లేక చేతులు ఆనించే పై ప్లేటుతో కలిపి మార్చాలా? కొన్నింటిలో కీబోర్డును ప్లేటుకు ప్లాస్టిక్ రివెట్లతో కరిగించి అతికిస్తారు. అప్పుడు ఖర్చు, పని రెండూ పెరుగుతాయి. రెండో ప్రశ్న, తెప్పించే కీబోర్డు అచ్చు మన దగ్గర వాడే అమెరికా పద్ధతిదేనా అని. బ్రిటన్ అచ్చుది వేస్తే ఎంటర్ కీ ఆకారమే వేరు, 2వ మెట్టులోని గొడవంతా మళ్లీ మొదలవుతుంది.

డబ్బు ఇచ్చే ముందు అక్కడే నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి కీ నొక్కండి, షిఫ్ట్‌తో అంకెల వరుస కూడా. Fn తో వెలుతురు, శబ్దం మారుతున్నాయో చూడండి. కీబోర్డు లైటు ఉన్న మోడల్ అయితే అది వెలుగుతోందా, టచ్‌ప్యాడ్ పనిచేస్తోందా చూడండి. ఆ రెండింటి రిబ్బన్ కేబుళ్లు విడిగా ఉంటాయి, తిరిగి బిగించేటప్పుడు మరిచిపోయేది వాటినే.